గట్టు గుడ్డ వాసన

పొద్దున్నే గట్టు తుడిచి, అదే చేత్తో కాఫీ గ్లాసు ఎత్తానా... ఒకటే ముక్కవాసన. కాఫీది కాదు, గుడ్డది!

నిన్న రాత్రే సబ్బు పెట్టి ఉతికాను. ఆరినప్పుడు ఏ వాసనా లేదు. తడవగానే మళ్ళీ మొదలు. అంటే జిడ్డు ఇంకా పోగుల్లోనే ఉందన్నమాట.

నూలు గుడ్డే కదా అని, స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి చెంచాడు చాకలి సోడాతో 10 నిమిషాలు మరిగించా. (అల్యూమినియం గిన్నె వద్దు, నల్లబడుతుంది.)

పసుపు మరకలు సోడా తగిలి ఎర్రబడ్డాయి. నీళ్ళు మురిగ్గా, పైన నూనె తెట్టు.
రోజూ గట్టుకి పూస్తున్నది ఇదా!

రెండుసార్లు జాడించి, కుళాయి మీద మడతేసి కాకుండా ఎండలో దండెం మీద పరిచా. సాయంత్రం తడిపి వాసన చూశా. ఏమీ లేదు.

స్పాంజిని ఇలా ఉడకబెట్టాలంటే భయంగా ఉంది. మీరేం చేస్తారు, పారేయడమేనా?