రెండున్నర పిక్సెళ్ల సోలార్ పార్కు

ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 6 వేల ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. అంటే ఒక గిగావాట్. 2017లో పూర్తయ్యేనాటికి ప్రపంచంలోని అతి పెద్ద సోలార్ పార్కుల్లో అదొకటి. అదే జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో, ప్రొజెక్టరు తెర మీద వెలుగుతున్న చార్టులో ఆ పార్కు మొత్తం ఎత్తు రెండున్నర పిక్సెళ్లు.

ఈ లెక్క అక్కడి స్టాటిస్టిక్స్ మేడమ్ వేసి చెప్పారు. చార్టుల బొమ్మల నుంచి అంకెలు రాబట్టడం ఆమె డిగ్రీ పిల్లలకు నేర్పుతున్నారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ఆ రోజు తెర మీదున్నది వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఒక స్క్రీన్‌షాట్. అందులో మూడు నిలువు బార్లున్నాయి, 2015, 2020, 2024 సంవత్సరాల మార్చి నెలాఖరుకు ఒక్కోటి. ప్రతి బారులోనూ మూడు పొరలు. అడుగున నీలం రంగులో పెద్ద జలవిద్యుత్ కేంద్రాలు, దాని మీద ఆకుపచ్చ రంగులో గాలిమరలు, అన్నిటికన్నా పైన పసుపు రంగులో సోలార్. ఎడమపక్క స్కేలు 0 నుంచి 200 గిగావాట్ల దాకా ఉంది. పొరల మీద మాత్రం ఎక్కడా అంకె వెయ్యలేదు. ఇది దేశం మొత్తం మీద స్థాపిత సామర్థ్యం చూపే స్టాక్డ్ బార్ చార్ట్.

"2024లో సోలార్ ఎంతుందో చెప్పండి" అన్నారు మేడమ్.

వెనక వరసలోంచి ఒకబ్బాయి వెంటనే "175 మేడమ్" అన్నాడు. పసుపు పొర పైఅంచు నుంచి అడ్డంగా చూపు లాక్కుపోతే స్కేలు మీద దాదాపు అక్కడికే చేరుతుంది మరి. "అది మూడూ కలిపితే వచ్చేది నాయనా. సోలార్ మొదలయ్యేది సున్నా దగ్గర కాదు, గాలి ఎక్కడ ఆగిందో అక్కడ" అని ఆమె పసుపు పొర అడుగంచు మీద వేలు పెట్టి చూపించారు.

ఈ రకం చార్టులో అడుగు పొరకు ఒక్కదానికే నేల ఉంటుంది. మూడు బార్లలోనూ నీలం ముక్క సున్నా గీత మీదే నిలబడుతుంది కాబట్టి ఏది పొడుగో చూపుతోనే తేల్చుకోవచ్చు. ఆకుపచ్చ పొర సంగతి అలా కాదు. ఒక్కో బారులో ఒక్కో ఎత్తున మొదలవుతుంది. 2020 బారు కన్నా 2024 బారులో అది కొద్దిగా పైకి జరిగినట్టు కనిపిస్తే, జరిగింది తన పెరుగుదల వల్లనా, కింది పొర నెట్టడం వల్లనా అన్నది చూపుకు అందదు. అందుకే కొలవాలి.

కొలవడానికి వాళ్లు వాడుతున్నది కంప్యూటర్‌తోపాటే వచ్చే పెయింట్ ప్రోగ్రాము. బొమ్మ తెరిచి మౌస్ కదిపితే కింద ఎడమ మూల రెండు అంకెలు మారుతూ కనిపిస్తాయి. రెండోది బొమ్మ పైఅంచు నుంచి కిందికి ఎన్ని పిక్సెళ్లో చెబుతుంది. పై నుంచి కిందికి లెక్క అన్నది మొదట గుర్తు పెట్టుకోవాల్సిన విషయం. చార్టులో విలువ పెరుగుతున్నకొద్దీ ఈ అంకె తగ్గుతూ పోతుంది. తెర మీది బొమ్మలో 0 గీత 560 దగ్గర, 200 గీత 60 దగ్గర ఉన్నాయి. నడుమ 500 పిక్సెళ్లు. అంటే గిగావాట్‌కు రెండున్నర పిక్సెళ్లు, లేదా పిక్సెల్‌కు 0.4 గిగావాట్. కర్నూలు పార్కు ఎత్తు తేలింది ఇక్కడే.

ముందు బెంచీ అమ్మాయి 0 గీత, 50 గీత తీసుకుని స్కేలు కట్టబోతుంటే మేడమ్ ఆపారు. ఆ రెండింటి మధ్య ఉన్నది 125 పిక్సెళ్లే. గీత పట్టుకోవడంలో ఒక్క పిక్సెల్ తేడా వస్తే తర్వాత లెక్కలన్నీ 0.8 శాతం పక్కకు పోతాయి. అదే తప్పు 500 పిక్సెళ్ల మీద జరిగితే తేడా 0.2 శాతమే. స్కేలు మీద ఎంత దూరంగా ఉన్న గీతలు దొరికితే వాటినే పట్టుకోవాలి. ఇంకో జాగ్రత్త, అడుగు గీత నిజంగా సున్నానేనా అని అంకె చదివి చూసుకోవాలి. కొందరు 20 దగ్గరో 40 దగ్గరో మొదలుపెడతారు. అలా చేస్తే అడుగు పొరలో కొంత కోసేసినట్టే. అలాంటి బొమ్మలో ఆ పొర ఎత్తును నేరుగా విలువగా మార్చకూడదు, స్కేలు మొదలైన అంకెను దానికి కలుపుకోవాలి.

ఎక్సెల్ షీటులో B నిలువు వరసలో ఒక్కో పొర పైఅంచు పిక్సెల్ అంకె వేసి, పక్క గడిలో ఈ ఫార్ములా రాశారు:

```
=(560-B2)*200/(560-60)
```

ఇది ఇచ్చేది సున్నా నుంచి ఆ అంచు దాకా ఉన్న మొత్తం. అందులోంచి కింది పొర మొత్తం తీసేస్తే పొర విలువ మిగులుతుంది. 2024 బారులో నీలం అంచు 443, ఆకుపచ్చ అంచు 328, పసుపు అంచు 123. పొరల మందం వరసగా 117, 115, 205 పిక్సెళ్లు. గిగావాట్లలో జలవిద్యుత్ 46.8, గాలి 46, సోలార్ 82. బారు చూసినప్పుడు ఆకుపచ్చ కంటే నీలం పెద్దదనుకున్నవాళ్లు తరగతిలో చాలామందే. తీరా చూస్తే రెండూ దాదాపు సమానం.

అంచు పట్టుకోవడమే ఇందులో అసలు పని. బొమ్మను 800 శాతానికి పెంచి చూపించారు మేడమ్. ఆకుపచ్చ ఎక్కడ ఆగి పసుపు ఎక్కడ మొదలైందో చెప్పే ఒక్క గీత అక్కడ లేదు. రెండు మూడు పిక్సెళ్ల మేర ఆకుపచ్చా కాని పసుపూ కాని రంగు పరుచుకుని ఉంది. వాట్సాప్ పంపే ఫొటోలు జెపెగ్ పద్ధతిలో కుదించుకుపోతాయి. ఆ కుదింపులో వెలుగునీడలు చాలావరకు నిలుస్తాయిగాని రంగు వివరం మాత్రం మామూలుగా తక్కువ పిక్సెళ్లలో నిల్వ అవుతుంది. పక్కపక్క పొరలు ఒకే వెలుగులో ఉండి రంగులో మాత్రమే తేడా పడితే, వాటి సరిహద్దు ముందుగా చెదిరేది అందుకే. అలాంటి చోట మసక పట్టీకి నడిమి పిక్సెల్ తీసుకోవాలి, ప్రతి అంచుకూ అదే పద్ధతి పాటించాలి. ఒకసారి పై చివర, ఇంకోసారి కింది చివర పట్టుకుంటే పొర మందం తేడాగా వస్తుంది.

2015, 2020 బార్లు కూడా పూర్తయ్యాక పట్టిక ఇలా తేలింది. జలవిద్యుత్ 41.2, 45.6, 46.8. గాలి 23.6, 37.6, 46. సోలార్ 3.6, 34.8, 82. ఒక కుర్రాడు 2024 వరస కూడి, 174.8 వచ్చిందనీ బారు ఎత్తుతో సరిపోయిందనీ సంబరంగా చెప్పాడు.

"ఎట్లా కూడినా అంతే వస్తుందప్పా" అన్నారు మేడమ్. ఈ మాట దగ్గర ఆమె కాసేపు ఆగారు, ఆగాల్సిన చోటే అది. పొర విలువలన్నీ తీసివేతలతో వచ్చినవి కాబట్టి మళ్లీ కూడితే పైఅంచే తిరిగొస్తుంది. నీలం, ఆకుపచ్చల మధ్య అంచు పది పిక్సెళ్లు తప్పుగా చదివినా ఒకటి ఎంత పెరుగుతుందో రెండోది అంత తగ్గుతుంది, మొత్తం చెక్కుచెదరదు. చార్టు గీసినవాళ్లు బారు నెత్తిన మొత్తం వేసి ఉంటే దాంతో పోల్చి స్కేలు సరిగా కట్టామో లేదో తేల్చుకోవచ్చు. లోపలి అంచుల సంగతి అది చెప్పదు. వాటికి దారి ఒక్కటే, ఇంకొకరి చేత మళ్లీ చదివించడం. ల్యాబులో ఇద్దరేసి పిల్లలు ఒకరి షీటు ఒకరు చూడకుండా కొలుస్తున్నది అందుకు. రెండు షీట్లకూ ఒక పిక్సెల్ తేడా ఉంటే సరే, మూడు దాటితే బొమ్మ మళ్లీ తెరవాలి.

ఇక ఏది వేగంగా పెరిగింది? సోలారే అని బొమ్మ చూడగానే తెలుస్తుంది. ఎంత వేగమన్నది మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. 2015 నుంచి 2020కి 3.6 కాస్తా 34.8 అయింది, అంటే 9.7 రెట్లు. కాని ఆ 3.6 వచ్చింది తొమ్మిది పిక్సెళ్ల సన్నటి పొర నుంచి. దాన్ని ఎనిమిదిగా చదివితే 10.9 రెట్లు, పదిగా చదివితే 8.7 రెట్లు. 2020 విలువలో ఒక పిక్సెల్ అటూఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు, 2015లో అయితే కథే మారిపోతుంది. పిల్లలు షీటులో "దాదాపు 9 నుంచి 11 రెట్లు" అని రాశారు. ఆ బొమ్మ అంతకుమించి చెప్పలేదు.

ఇంకో చిక్కు, మొదటి విరామం ఐదేళ్లు, రెండోది నాలుగేళ్లు. బార్లు మాత్రం సమాన దూరంలో గీశారు. కాబట్టి ఏడాదికి ఎంత శాతమో కట్టి చూడాలి. రెట్ల సంఖ్యకు ఐదో మూలమో నాలుగో మూలమో తీసి, అందులోంచి ఒకటి తీసేస్తే చక్రవడ్డీ లెక్కన ఏడాది పెరుగుదల వస్తుంది. సోలార్ మొదటి ఐదేళ్లలో ఏడాదికి సుమారు 57 శాతం, తర్వాతి నాలుగేళ్లలో 24 శాతం. గాలి 10 శాతం నుంచి 5కి దిగింది.

"అంటే సోలార్ నెమ్మదించిందా మేడమ్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. ఆమె దాన్ని బోర్డు మీద రెండో రకంగా కట్టించారు. మొదటి విరామంలో ఏడాదికి 6.2 గిగావాట్లు కలిశాయి, రెండో విరామంలో 11.8. శాతం సగానికన్నా తగ్గింది, ఏటా కొత్తగా చేరేది దాదాపు రెట్టింపైంది. రెండూ నిజాలే. మొదలు చిన్నదైతే శాతం ఎగిరిపడుతుంది. మూడు రంగుల్లో ఏది ముందన్న ప్రశ్నకు ఏ లెక్కలోనైనా జవాబు సోలారే. వేగం పెరిగిందా తగ్గిందా అన్నప్పుడు మాత్రం ఏ లెక్కో చెప్పి తీరాలి.

జలవిద్యుత్ దగ్గర ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. 2020, 2024 నీలం పొరలకు తేడా మూడంటే మూడు పిక్సెళ్లు. రెండు చోట్లా ఒక్కో పిక్సెల్ తప్పు పడితే అది ఒకటీ కావచ్చు, ఐదూ కావచ్చు. స్వల్పంగా పెరిగింది అనడం తప్ప దానికి శాతం కట్టడం దండగ అని మేడమ్ కొట్టేయించారు.

తర్వాత ప్రభుత్వం ప్రచురించిన పట్టిక తెరిచారు. 2024 మార్చి చివరికి సోలార్ 81.81, గాలి 45.89, పెద్ద జలవిద్యుత్ 46.93 గిగావాట్లు. 2015లో సోలార్ 3.74. స్క్రీన్‌షాట్ నుంచి తీసినవన్నీ సగం పిక్సెల్ తేడాలోపే పడ్డాయి. పట్టిక దొరికే చోట బొమ్మ కొలిచే అవసరమే లేదు. చార్టు తప్ప మరేమీ మిగలని పాత నివేదికలు చేతికొచ్చినప్పుడు ఈ పని అక్కరకొస్తుంది.

చివరగా అవే అంకెలతో గీసిన ఇంకో బొమ్మ పెట్టారు. ఇందులో మూడు బార్లూ ఒకే ఎత్తు, స్కేలు 0 నుంచి 100 శాతం. నీలం పొర 60 శాతం నుంచి 27 శాతానికి కుంగిపోయి కనిపిస్తోంది. "జలవిద్యుత్ తగ్గిపోయింది" అని ఒకరిద్దరు రాసేశారు కూడా. గిగావాట్లలో అది 41.2 నుంచి 46.8కి పెరిగిందని అదే షీటులో పైవరసలో ఉంది. పక్కవాళ్లు ఎంత పెరిగారో బట్టి వాటా మారుతుంది. ఈ రకం బొమ్మలో అంచులు ఎంత బాగా కొలిచినా తేలేది వాటాలే. ప్రతి సంవత్సరం మొత్తం ఎంతో వేరేచోట నుంచి తెచ్చుకుంటే తప్ప ఏ పొర ఎంత పెరిగిందో ఎవరూ చెప్పలేరు. పిల్లలు ఆ మూడు మొత్తాలు, 68.4, 118, 174.8, బార్ల నెత్తిన రాసుకుని మళ్లీ లెక్క మొదలుపెట్టారు.