ఏ మాటకి ఫస్ట్?

ఎస్‌ఈఓ మత్లబ్ సాదాదే. గిరాకీ గూగుల్‌లో కొట్టే మాటలకి మన దుకాణం పేజీ జవాబుగా కనపడేలా సర్దడం. చిక్కంతా ఏ మాటలకి అన్నదే.

జహీరాబాద్‌లో మా మామూది బురఖాల దుకాణం. వెబ్‌సైట్లు చేసే అబ్బాయొకడు వచ్చి, "చిచా, గూగుల్‌లో మీరే ఫస్ట్, గ్యారంటీ" అన్నాడు. నమూనాకి ఇంకో దుకాణం పేరు కొట్టి చూపించాడు. అది పైనే వచ్చింది.

పేరు కొడితే రావడం కమాల్ కాదు. పేరు తెలిసినవాళ్లు ఎలాగూ వస్తారు. పేరు తెలియని ఖాలా "burqa shop zaheerabad" అని కొడుతుంది. మామూ అదే కొట్టమన్నాడు. ఆ దుకాణం ఎక్కడా లేదు.

అట్లాంటి వెతుకులాటకి గూగుల్ తరచూ ముందు మ్యాపు, దుకాణాల జాబితా చూపిస్తుంది. అందులో చేరడం ముఫ్త్. దాని పేరు Google Business Profile. అక్కడ వరుస తేల్చేవి ముఖ్యంగా మూడు: అడిగిన సరుకుతో పొంతన, వెతికేవాళ్ల నుంచి దూరం, దుకాణానికున్న పేరు. దూరాన్ని ఏ డిజైనరూ మార్చలేడు. ఫస్ట్ ర్యాంకుకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది.

పైసలిచ్చే ముందు ఆ మాటలు కాగితం మీద రాయించుకోండి. ప్రొఫైల్ మీ జీమెయిల్‌తోనే తెరిపించండి. లేకుంటే అతను వెళ్లిన రోజు తాళం కూడా అతనితోనే పోతుంది.