తోరణగల్లు ఉక్కు, ఈఎస్‌జీ ఫండు

మాది బళ్లారి. ఇక్కడ పర్యావరణం అంటే సండూరు వైపు నుంచి వచ్చే ఖనిజం లారీలు, వాటి వెనక లేచే ఎర్రదుమ్ము. గవర్నెన్స్ అంటే 2011 జూలై. ఆ నెలలోనే అక్రమ తవ్వకాలపై లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది, 29న జిల్లాలో తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. రిటైర్మెంట్ డబ్బులో 3 లక్షలు ఫండ్లలో పెడదామనుకున్నప్పుడు ఏజెంటు ఈఎస్‌జీ ఫండు పేరెత్తాడు. పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన ఈ మూడూ చూసి షేర్లు కొనే ఫండు అది. "చెడ్డ కంపెనీలు ఇందులో ఉండవు సార్" అన్నాడు. మా బామ్మర్ది పక్కనే ఉన్నాడు. "అయితే బావా, మన తోరణగల్లు ఉక్కు కంపెనీ ఉంటుందా, ఉండదా?" అని అడిగాడు. దానికి ఏజెంటు దగ్గర జవాబు లేకపోయింది. జవాబు కోసం నేనే స్కీము పత్రాలు తిరగేశాను.

జవాబు ఫండు పేరులోనే ఉంది. 2023 జూలైలో సెబీ ఇలాంటి ఫండ్లకు ఆరు పద్ధతులు నిర్ణయించింది. పాటించే పద్ధతి ఏదో పేరులోనే చెప్పాలి, కనీసం 80 శాతం డబ్బు ఆ పద్ధతి ప్రకారమే పెట్టాలి. అందుకే ఇప్పుడు ఎస్‌బీఐ ఫండు పేరులో 'ఎక్స్‌క్లూజనరీ స్ట్రాటజీ' అని, యాక్సిస్ ఫండు పేరులో 'ఇంటిగ్రేషన్ స్ట్రాటజీ' అని, క్వాంటమ్ ఫండు పేరులో 'బెస్ట్ ఇన్ క్లాస్ స్ట్రాటజీ' అని కనిపిస్తాయి. ఒకే ఉక్కు కంపెనీని ఈ మూడు రకాలూ మూడు తీర్లుగా చూస్తాయి.

ఎక్స్‌క్లూజనరీ అంటే కొన్ని వ్యాపారాలను ముందే పక్కన పెట్టడం. ఉదాహరణకు నిఫ్టీ 100 ఈఎస్‌జీ సూచీ పక్కన పెట్టేది పొగాకు, మద్యం, జూదం, వివాదాస్పద ఆయుధాలు. ఉక్కు, గనులు ఆ జాబితాలో లేవు. ఒక్కో ఫండుకు ఒక్కో జాబితా ఉంటుంది కాబట్టి స్కీము పత్రంలో దాన్ని చదవాల్సిందే. బెస్ట్ ఇన్ క్లాస్ ఫండు ఉక్కును ఉక్కుతోనే పోలుస్తుంది. ఆ రంగంలో మెరుగైన కంపెనీకి చోటుంటుంది, పొగ ఎంత వదిలినా సరే. ఇక ఇంటిగ్రేషన్ ఫండు మేనేజరు లాభనష్టాలతో పాటు పర్యావరణ ముప్పును కూడా లెక్కలో వేసుకుంటాడు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. అతను తూచేది కాలుష్యం వల్ల కంపెనీ లాభానికి ఎంత దెబ్బ అన్నది. దుమ్ము వల్ల సండూరు రైతు చేనుకు ఎంత దెబ్బ అన్నది వేరే ప్రశ్న. మా బామ్మర్ది ప్రశ్న వెనక ఉన్నది రెండోది. ఈ మూడు రకాల్లో దానికి సూటిగా జవాబు చెప్పేది ఒక్కటీ లేదు.

మరి కంపెనీ మెరుగైందని ఎలా తేలుస్తారు? స్టాక్ మార్కెట్లో పెద్దవైన వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక తప్పనిసరిగా ఇస్తున్నాయి. స్కోర్లకు పెద్ద ఆధారం అదే. అందులో నేను ముందు చూసేది గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క. దాన్ని పలు రకాలుగా ఇస్తారు: మొత్తం ఎన్ని టన్నులు, రూపాయి టర్నోవరుకు ఎంత, తయారైన సరుకుకు ఎంత. ఈ రెండో అంకె దగ్గర జాగ్రత్త పడాలి. ఒక కంపెనీ 100 లక్షల టన్నుల వాయువు వదిలి 50,000 కోట్ల అమ్మకాలు చేసిందనుకుందాం. కోటి రూపాయలకు 200 టన్నులు. మరుసటి ఏడు ఉక్కు ధర 25 శాతం పెరిగింది, తయారైన ఉక్కు అంతే, పొగ కూడా అంతే. అమ్మకాలు 62,500 కోట్లయ్యాయి, కోటికి 160 టన్నులే లెక్క తేలింది. చిమ్నీలో ఏ మార్పూ లేకుండానే 20 శాతం మెరుగుదల! అందుకే టన్ను ఉక్కుకు ఎంత వాయువు అన్న అంకె, మొత్తం టన్నులు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి మూడు నాలుగేళ్లు పోల్చాలి. టన్నుకు తగ్గుతూ మొత్తం పెరుగుతుంటే ఫ్యాక్టరీ విస్తరిస్తోందని అర్థం. అది మోసం కాదు, కానీ గాలికి మేలు జరిగినట్టూ కాదు.

పైగా బీఆర్‌ఎస్‌ఆర్ కంపెనీ మొత్తానికి ఇచ్చే లెక్క. ఒక్క ఫ్యాక్టరీ సంగతి కావాలంటే దాని పర్యావరణ అనుమతి షరతులు చూడాలి. వాటిని ఎంతవరకు పాటించారో చెప్పే నివేదిక ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి ఇవ్వాలి. దుమ్ము, నీళ్లు, పచ్చని పట్టీ గురించిన మాటలు దొరికేది అందులోనే. అదీ కంపెనీ తన గురించి తాను రాసుకున్నదే అయినా, ఫలానా చోట ఫలానా పని అని రాయక తప్పదు కాబట్టి మా ఊరివాళ్లం కళ్లతో చూసి సరిపోల్చుకోవచ్చు.

ఈఎస్‌జీ ముద్రకు అందనిది ఇంకొకటి ఉంది. 2011లో బయటపడ్డ గనుల లీజులు చాలావరకు మార్కెట్లో లేని ప్రైవేటు సంస్థల పేరిట, వ్యక్తుల పేరిట ఉన్నవి. ఏ ఫండూ వాటి షేరు కొనలేదు, కాబట్టి ఏ ఫండూ వాటిని వడకట్టలేదు. వాళ్ల ఖనిజం కొనే కంపెనీ మాత్రం మార్కెట్లో ఉండొచ్చు. ఆ కంపెనీ తనకు సరుకు అమ్మేవాళ్ల వివరాలు కూడా ఇవ్వాలని సెబీ మొదట అనుకుంది, తర్వాత దాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేసింది. నా దృష్టిలో బళ్లారి లాంటి జిల్లాకు ఇది పెద్ద లోటు.

గవర్నెన్స్ విషయంలో తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ కంటే వేరే పాఠం అక్కర్లేదు. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలు తప్పుడువని లేఖ రాశారు. బోర్డులో పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. రాజు కుటుంబ కంపెనీలైన మేటాస్‌లను కొనే ప్రతిపాదనకు 2008 డిసెంబరులో వాళ్లే సరేనన్నారు. డైరెక్టర్ల సంఖ్యను బట్టి మార్కులు వేస్తే అలాంటి కంపెనీకి మంచి మార్కులే పడతాయి. అందుకే నేను రెండు చోట్ల చూస్తాను. యజమాని కుటుంబం తమ షేర్లను తాకట్టు పెట్టిందా అన్నది ఒకటి. సత్యం బయటపడిన ఆ నెలలోనే సెబీ ఈ వివరం తప్పనిసరి చేసింది, మూడు నెలలకోసారి వచ్చే వాటాల పట్టికలో ఉంటుంది. కుటుంబ కంపెనీలతో కొనుగోళ్లు, అప్పులు ఏటేటా పెరుగుతున్నాయా అన్నది రెండోది. ఇది వార్షిక నివేదిక వెనక పేజీల్లో దొరుకుతుంది.

ఇక నా డబ్బు సంగతి. ఎక్స్‌క్లూజనరీ ఫండు వాటాల పట్టికను మామూలు నిఫ్టీ 100 ఫండు పట్టికతో పోల్చాను. పైవరసలో చాలా పేర్లు అవే బ్యాంకులు, అవే సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఖర్చులో ఏటా 1 శాతం తేడా ఉంటే, 12 శాతం రాబడి 11 అవుతుంది. 3 లక్షల మీద పదేళ్లకు అది దాదాపు 80,000 రూపాయలు. అంత ఇచ్చి నేను కొంటున్నది ఏమిటి? పొగాకు, మద్యం వద్దనుకోవడమే నా కోరికైతే ఆ ధర ఇవ్వొచ్చు. నా కోరిక ఎర్రదుమ్ము గురించి. అందుకని 30,000 మాత్రం బెస్ట్ ఇన్ క్లాస్ ఫండులో పెట్టాను, మిగతాది తక్కువ ఖర్చున్న ఇండెక్స్ ఫండులో.

ఆ పదో వంతు పెట్టడానికి కారణం ఓట్లు. షేర్లున్న ఫండుకు కంపెనీ తీర్మానాలపై ఓటుంటుంది. ఈఎస్‌జీ ఫండు ప్రతి ఓటుకూ పర్యావరణం, సమాజం, పాలన కారణాల వల్ల మద్దతిచ్చిందా లేదా అని విడిగా చెప్పాలి. ఆ ఫైలు ఫండు సంస్థ వెబ్‌సైటులోనే ఉంటుంది. సంతకం పెట్టే ముందు మీ ఏజెంటును ఆ ఫైలు అడగండి. ప్రతి వరుసలోనూ 'అనుకూలం' అనే ఉండి, కారణం గడిలో ఒకే వాక్యం తిరిగి తిరిగి వస్తుంటే ఆ ఫండుకు ఎక్కువ ఖర్చు ఇవ్వకండి.