అత్తగారి చింతపండు, కోడలి గాజు బేసిన్‌

ఎల్బీనగర్‌లో ఆ ఇంటికి పై అంతస్తు పూర్తయింది. అన్నీ కుదిరాయి కానీ, భోజనాల గదిలో చేతులు కడుక్కునే బేసిన్‌ దగ్గరే పేచీ వచ్చింది. కోడలి మనసంతా గాజు బేసిన్‌ మీదే. అత్తగారికేమో తన ఇత్తడి చెంబులు తోముకోవడానికి వీలుంటే చాలు. మధ్యలో ఇంటాయన ఎటూ చెప్పలేక మేస్త్రీని అడిగాడు. ‘ముందు మీ నీళ్లేం చెబుతాయో చూడండి సార్‌’ అన్నాడతను. ఆ రాత్రి ఓ గాజు పలక మీద నాలుగు బోరునీళ్ల చుక్కలు వేసి వదిలేయమన్నాడు.

తెల్లారేసరికి చుక్క పడ్డచోటల్లా సున్నం గీసినట్టు తెల్లటి వలయాలు! నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరిపోగానే అలా పేరుకుంటాయి. నాగార్జునసాగర్‌ వైపు నుంచి కృష్ణా నీళ్లు 2004లోనే సాహెబ్‌నగర్‌ దాకా వచ్చాయి. అయినా వాడకానికి ఇప్పటికీ బోరు మీదే ఆధారపడే ఇళ్లు ఈ పక్కన ఎన్నో. గాజు మీద ఆ చార మరీ స్పష్టంగా కనిపిస్తుంది. చెయ్యి కడిగిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తేనే అద్దంలా ఉంటుంది. ‘రోజుకెన్నిసార్లు తుడుస్తావే అమ్మాయ్‌?’ అన్న అత్తగారి ప్రశ్నకు కోడలి దగ్గర జవాబు లేదు.

అయినా చూసొద్దామని ఆదివారం ముగ్గురూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ శానిటరీ షాపుకెళ్లారు. గాజు బేసిన్‌లో వేడినీళ్లు పోస్తే పగులుతుందేమోనన్నది ఇంటాయన భయం. టెంపర్డ్‌ గాజయితే వేడికి అంత తేలిగ్గా బెదరదు. దాని బలహీనత అంచులోనే ఉంది. చెంబు జారి అంచుకు గట్టిగా తగిలిందంటే ఓ మూల పెచ్చు ఊడి ఊరుకోదు, బేసిన్‌ మొత్తం చిన్నచిన్న ముక్కలై రాలిపోతుంది. ఈ మాట వినగానే కోడలు తనంతట తానే పక్కకు జరిగి, తెల్లటి పాలరాతి బేసిన్‌ దగ్గర ఆగింది.

ఆ రాయి చల్లగా, నున్నగా, ఎంతో బాగుంది. అత్తగారు ఊరుకోలేదు. సంచిలోంచి సీసా తీసి, షాపువాళ్లిచ్చిన పాలరాతి ముక్క మీద చింతపండు పులుసు కాస్త వేశారు. టీ తాగి వచ్చి తుడిచి చూస్తే, అక్కడ మెరుపు పోయి మసకబారిన మచ్చ తేలింది. అది మరకయితే రుద్దితే పోయేదేమో! పులుపు తగిలి రాయి పైపొరే కరిగింది మరి. పాలరాయే కాదు, మనం వాకిట్లో పరిచే షాబాద్‌, తాండూరు బండలూ సున్నపురాయి జాతివే, పులుపుకు లొంగిపోతాయి. బాత్‌రూమ్‌ యాసిడ్‌ పడితే ఏకంగా నురగే వస్తుంది. గ్రానైట్‌ది వేరే జాతి, ఈ పులుపును తట్టుకుంటుంది. కాకపోతే సన్నని రంధ్రాల్లోకి నూనె, పసుపు దిగకుండా పైన సీలర్‌ పూయించాలి, అప్పుడప్పుడూ మళ్లీ పూయిస్తుండాలి. పైగా నల్ల గ్రానైట్‌ మీద బోరునీటి చార గాజు మీదకన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక మిగిలినవి స్టీలు, సిరామిక్‌. స్టీలుకు పెచ్చు ఊడటమన్నదే లేదు. చెంబు పడితే సొట్ట పడుతుందంతే. మరుగుతున్న గంజి వంచినా దానికేం కాదు, కింద పీవీసీ పైపు మెత్తబడకుండా పక్కనే కుళాయి తిప్పుకోవాలి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్మకం. అది సగం నిజమే, చవకైన 200 శ్రేణి స్టీళ్లకూ అంటుకోదు. అందుకే 304 అన్న ముద్ర చూసి, బిల్లులోనూ రాయించుకున్నాడు ఇంటాయన. ఏ స్టీలయినా యాసిడ్‌, బ్లీచింగ్‌ పౌడర్‌ తగిలితే సన్నని గుంటలు పడతాయి.

సిరామిక్‌ మీద గాజులాంటి గ్లేజు ఉంటుంది కనుక పసుపు, నూనె పట్టుకోవు. సున్నపు చార పడినా తెలుపులో తెలుపు, కళ్లకు ఆనదు. వారానికోసారి నిమ్మచెక్కతో రుద్ది కడిగేస్తే సరి. బరకపీచు మాత్రం వాడకూడదు, గ్లేజు గీతలు పడితే మురికి అక్కడే తిష్ఠ వేస్తుంది. బరువైన వస్తువు పడితే పెచ్చు ఊడుతుంది, అదే దీని లోపం. కొనేముందు వేలి కణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే సరే, బొద్దుగా మోగితే ఎక్కడో సన్నని పగులున్నట్టే. ఆ షాపులో మొదట దించిన బేసిన్‌ బొద్దుగానే మోగింది. రెండోది ఖంగుమంది.

చివరికి భోజనాల గదికి తెల్లటి సిరామిక్‌ బేసిన్‌ తీసుకున్నారు. ఇత్తడి చెంబుల కోసం వెనక వరండాలోకి లోతైన స్టీలు తొట్టి ఒకటి. తోమగానే చింతపండు పిప్పి అందులో వదిలేయకుండా కడిగేస్తానని అత్తగారు మాటిచ్చారు. కోడలు గాజు మోజు పూర్తిగా వదులుకోలేదు. బేసిన్‌ మీద పెట్టే అరను మాత్రం గాజుదే ఎంచుకుంది. దాన్ని తుడిచే పని ఇంటాయనదట!