బ్లూ టిక్‌ల అవతల

నేను ప్రేమించే అబ్బాయి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతాడు. పొద్దున పెట్టిన మెసేజ్‌కి రాత్రెప్పుడో "ఊఁ" అని జవాబు. అడిక్‌మెట్‌లో నా గదిలో కూర్చుని ఆ ఒక్క అక్షరాన్ని ఎంతసేపు చూసినా అందులో మనిషి కనిపించడు. ఎదురుపడితే మాత్రం మాటలకి అంతుండదు.

అందుకే ఫోన్ పక్కన పెట్టి అతని అలవాట్లు చూడటం మొదలుపెట్టాను. ఆదివారమంటే ఆదివారమే వస్తాడు. రాలేకపోతే ముందే ఫోన్ చేసి, మళ్లీ ఎప్పుడు కలుద్దామో తనే చెప్తాడు. అన్నిటికంటే నాకు నమ్మకమిచ్చేది ఇదే. అశోక్‌నగర్ చాయ్ బండి దగ్గర నేను నోరు తెరవకముందే "ఒకటి చక్కెర తక్కువ" అంటాడు. పోయినసారి అమ్మ మోకాలి నొప్పి సంగతి చెప్తే, ఈసారి కలవగానే మొదట అదే అడిగాడు. వాళ్లమ్మకీ, స్నేహితులకీ కూడా ఇంతే పొడిగా రాస్తాడని తెలిశాక సగం బెంగ తీరింది.

నాతో మాత్రమే అలా ఉంటే, లేదా రోజూ రాసేవాడు ఉన్నట్టుండి మానేస్తే, అది వేరే లెక్క. కలిసినప్పుడు ఎంత ప్రేమ ఒలకబోసినా, మళ్లీ ఎప్పుడని ప్రతిసారీ నేనే అడగాల్సి వస్తే అప్పుడూ ఆలోచించాల్సిందే.

అలాగని నా అవసరాన్ని మింగేసుకోలేదు. "రోజంతా రాయక్కర్లేదు, రాత్రి గదికి చేరాక ఒక్క మాట చెప్పు" అని నారాయణగూడ చౌరస్తాలో నేరుగానే అడిగాను. ఇప్పుడు రోజూ పదింటి తర్వాత "చేరాను" అని వస్తోంది.