మూడు మ్యాచ్‌లు కరెక్టుగా చెప్పాడట!

మొన్న రాజోలులో పుట్టింటికి వెళ్తే, మా తమ్ముడు అన్నం సరిగా తినట్లేదండీ. నిలదీస్తే చెప్పాడు. టెలిగ్రామ్‌లో ఒకడు వరసగా మూడు మ్యాచ్‌లు ఎవరు గెలుస్తారో ముందే చెప్పాడట. నాలుగోది ఫిక్సయిపోయిందంటే వాడికి 5,000 కట్టి, వాడిచ్చిన లింకులో 20,000 పందెం కాశాడు. అంతా పోయింది.

"మూడూ నిజమయ్యాయి కదక్కా!" అంటాడు.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. "800 మంది ఉన్నారనుకో. విడివిడిగా మెసేజ్ పెట్టి, 400 మందికి ఒక జట్టు, మిగతా వాళ్లకి రెండో జట్టు గెలుస్తుందంటాడు. తప్పు చెప్పినవాళ్లని వదిలేసి, మిగిలిన 400 మందిని మళ్లీ సగం చేస్తాడు. మూడో మ్యాచ్ అయ్యేసరికి 100 మందికి వాడు దేవుడు. అందులో నువ్వొకడివిరా!"

ఇంతలో ఇంకొకడి ఫోను. పోయిన 25,000 వెనక్కి ఇప్పిస్తాడట, ముందుగా 2,000 ఫైలు ఫీజు కట్టాలట.

"నీకెంత పోయిందో వాడికెలా తెలుసురా?"

తమ్ముడు మాట్లాడలేదు. దోచుకున్నవాడైనా అయ్యుండాలి, వాడి దగ్గర వివరాలు కొన్నవాడైనా అయ్యుండాలి. అది కడితే ఆనక టాక్స్ అంటారు, ఇంకోటంటారు.

ఆన్‌లైన్ బెట్టింగ్ మన రాష్ట్రంలో నేరం కాబట్టి వాడు భయపడి నోరు విప్పలేదు. ఆ భయం మీదే వీళ్ల వ్యాపారం. ఆ రాత్రే 1930కి ఫోన్ చేయించాను. అక్కడ ఫీజు అడగరు. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే ఆపిస్తారు, అందుకే ఆలస్యం చేయకూడదు.

మాది వస్తుందో రాదో గానీ, ఆ 2,000 మాత్రం మిగిలాయండీ.