పల్లీ పచ్చడి, బల్లి పచ్చడి

మా ఇంట్లో ఉండేది నోటి తెలుగు. నాయకుల కాలంలో మా పెద్దలు ఈ కోయంబత్తూరు వైపుకి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇన్ని తరాలైనా వంటింట్లో అరవం మాట్లాడితే మా అమ్మ ఇప్పటికీ ఊరుకోదు. కానీ మేం బళ్లో చదివింది అరవం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాకెవరికీ రాదు. నేను కూడా యాభై దాటాక, ఇప్పుడు చెప్పబోయే ప్రయాణం తర్వాతే, పలక పట్టుకున్నాను.

గోదావరి చూడాలని అమ్మకి ఎప్పటినుంచో ఉండేది. అమ్మ, నేను, నా కూతురు, ఏడేళ్ల మనవడు, నలుగురం రైలెక్కి రాజమండ్రి వెళ్లాం. మాటకి భయం లేదు, ఎవరితోనైనా మాట్లాడగలం. రాతకి మాత్రం ఫోనే గతి. బోర్డుని ఫోటో తీసి అనువాదం యాప్‌లో పెడితే తమిళంలో చెబుతుంది కదా అని ధైర్యం. ఆ ఫోటోలన్నీ ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి కాబట్టి ఒక్కొక్కటే తీసి, బోర్డు మీద ఏముంది, యాప్ ఏం చెప్పింది అని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మొదటిది టిఫిన్ హోటల్. చిన్నది, గోడ మీద రంగుతో రాసిన పట్టీ, అంతా తెలుగే. నా కూతురు ఫోటో తీసి తమిళంలోకి మార్చింది. ఇడ్లీ, దోశ, ఉప్మా బాగానే వచ్చాయి. ఇడ్లీ పక్కన ఉన్న మాట చూసి అది పెద్దగా నవ్వింది. "అమ్మా, ఇక్కడ బల్లి పచ్చడి వేస్తారంట!"

బోర్డు మీద ఉన్నది "పల్లీ పచ్చడి". యాప్‌కి పల్లీ అంటే తెలియలేదు. తెలియని తిండి పేరు వస్తే అది అర్థం చెప్పదు, అక్షరాలు మార్చి వదిలేస్తుంది. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. పల్లీ అక్కడికి వెళ్లి "పల్లి" అయింది, తమిళంలో ఆ మాటకి బల్లి అనే అర్థం. పచ్చడి అన్నదీ అంతే. అది తమిళంలోనూ ఉన్న మాటే, కాకపోతే అక్కడ ఎక్కువగా పెరుగులో కలిపేదాన్ని అంటారు. మొత్తం మీద మాకు అర్థమయింది పెరుగులో బల్లి. నవ్వుకుంటూ ఇడ్లీ చెప్పాం.

నవ్వాల్సిన విషయం కాదని ప్లేట్లు వచ్చాక తెలిసింది. మా మనవడికి చెనక్కాయలు పడవు. ఒక్క గింజ తిన్నా పెదాలు వాచి, ఊపిరి ఆడదు. ఒకసారి ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది. అందుకే ఎక్కడికెళ్లినా ముందు అదే అడుగుతాం. ఇక్కడ పట్టీ మొత్తం చదివించుకున్నాం, చెనక్కాయ మాట ఎక్కడా రాలేదు కదా అని అడగలేదు. వాడు ఇడ్లీ తుంచి ముంచబోతుంటే అమ్మకి వాసన తగిలింది. "ఏందప్పా ఇది, కొబ్బరి వాసన లేదే?" అని వాడి చెయ్యి పట్టుకుంది. వడ్డించే అబ్బాయిని పిలిచి అడిగితే, "పల్లీలమ్మా. అదే, వేరుశెనగ గుళ్లు" అన్నాడు. నా కూతురి మొహం చూడాలి అప్పుడు. ప్లేటు మార్చి, బాబుకి పంచదార తెప్పించి తినిపించాం.

పల్లీ మా ఇంట్లో లేని మాట. మేం చెనక్కాయ అంటాం, మరిచిపోతే తమిళంలో కడలక్కాయ. కానీ వేరుశెనగ అని ఎవరైనా పైకి చదివి ఉంటే అమ్మకి వెంటనే తెలిసేది. పల్లీ అని విన్నా "పల్లీ అంటే ఏంది?" అని ఎవరినైనా అడిగేవాళ్లం. బల్లి అయిపోయేసరికి అడగాలనే అనిపించలేదు. అనువాదం తప్పు అని తెలిస్తే జాగ్రత్త పడతాం. తప్పు చూసి నవ్వు వస్తే దాని వెనక ఏముందో చూడం.

అదే గోడ మీద ఇంకొక వరసలో "చింతచిగురు రొయ్యలు" ఉంది. చోటు చాలక "చింత" పైన, "చిగురు రొయ్యలు" కింద రాశారు. యాప్‌కి ఒక్కో వరస ఒక్కో మాట. పైన ఒంటరిగా ఉన్న చింతని దిగులు అంది, కిందిది లేత రొయ్యలు అంది. "పెరుగు వడ" దగ్గర ఇంకో రకం తప్పు. రాసినాయన వ అక్షరాన్ని కాస్త విడిగా రాశాడు, యాప్ దాన్ని ప అనుకుంది. వడ పడ అయింది. పెరుగుకి పెరగమనే అర్థం తీసుకుని, పెరిగి పడమంది.

ఈ రెండూ చూస్తే యాప్ లోపల రెండు పనులు జరుగుతున్నాయని తెలుస్తుంది. ముందు బొమ్మలోంచి అక్షరాలు ఏరుతుంది, తర్వాత ఆ అక్షరాలకి అర్థం చెబుతుంది. వడ పడ కావడం మొదటి పనిలో తప్పు. దానికి దగ్గరకి వెళ్లి, ఎదురుగా నిలబడి మళ్లీ ఫోటో తీస్తే సరిపోతుంది. పల్లీ బల్లి కావడం రెండో పనిలో తప్పు. ఎన్ని ఫోటోలు తీసినా అది మారదు. ఏది ఎక్కడ తప్పిందో తెలియాలంటే అనువాదం ఒక్కటే చూడకుండా, అది ఏరిన తెలుగు మాటల్ని చూడాలి. అక్షరం రాని మాకు అదెలా?

దానికి దారి నా కూతురే కనిపెట్టింది. యాప్‌లో మూల పాఠం పక్కన చిన్న స్పీకర్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే బోర్డు మీద ఉన్న తెలుగుని తెలుగులోనే చదివి వినిపిస్తుంది. మాకు రానిది చదవడమే గానీ తెలుగు కాదు కదా! ఆ సాయంత్రం నుంచి అనువాదం మానేసి అలాగే విన్నాం. గుత్తి వంకాయ, పనసపొట్టు కూర, పులస పులుసు, అన్నీ అమ్మ చెవిలో పడగానే ఆమే చెప్పేది. ఒక్క జాగ్రత్త మాత్రం వదల్లేదు. గుత్తి వంకాయ అని ఎంత బాగా చదివినా, ఎంత సరిగ్గా అనువదించినా, మసాలాలో చెనక్కాయలు నూరి వేశారో లేదో ఆ పేరులో ఉండదు. అది వండినవాళ్లని అడగాల్సిందే.

ఇక ఇబ్బంది తీరిందనుకున్నాం. మర్నాడు పొద్దున గోదావరికి వెళ్లాం. పెద్ద ఘాట్లలో జనం ఎక్కువగా ఉన్నారని కొంచెం దూరంగా ఒక చిన్న రేవు చూసుకున్నాం. మెట్ల పక్కన బోర్డు. మా మనవడు ఫోన్ లాక్కుని వాడే ఫోటో తీసి, స్పీకర్ నొక్కాడు. "ప్రమాదకరమైన లోతు. ఇచట స్నానము" అని చదివింది ఫోను.

వాడు ఎగిరి గంతేశాడు. "అవ్వా, సూపర్ లోతంట! ఇక్కడే స్నానమంట!"

వాడి తప్పేం లేదు. బళ్లో వాడు విన్న మాట తమిళంలోని పిరమాదం, అంటే భలే బాగుంది అని. తెలుగు ప్రమాదం వాడికి అలాగే వినబడింది. మా ఇంట్లో కూడా ఆ మాటని అలాగే వాడతాం. కీడు గురించైతే అపాయం అంటాం. నాకు కూడా ఒక్క క్షణం తేడా తోచలేదు. వాడు చొక్కా విప్పేసి రెండో మెట్టు మీద ఉన్నాడు. పక్కన బట్టలు ఆరేసుకుంటున్న పెద్దాయన "బాబుని దించకండమ్మా! ఆ మెట్టు దాటితే అడుగు అందదు" అని కేకేశాడు.

వెనక్కి వచ్చి బోర్డు చూస్తే, పూలమ్మే ఆమె గొడుగు బోర్డు కింది భాగానికి అడ్డంగా ఉంది. ఆమెని అడిగి కొంచెం జరిపించాను. కింద ఇంకొక వరస ఉంది, "చేయరాదు" అని. తెలుగులో కాదు, వద్దు, లేదు అన్నీ వాక్యం చివరనే వస్తాయి. బోర్డు చివరి వరస పోతే వద్దన్నది రమ్మన్నట్టు అయిపోతుంది. మొత్తం వచ్చేలా మళ్లీ ఫోటో తీశాను. ఈసారి ఫోన్ అంతా చదివింది. అమ్మ విని, "స్నానం చెయ్యడం ఎవరికి రాదంట?" అంది. మేం చెయ్యగూడదు అంటాం. చేయరాదు అన్న బోర్డు తెలుగు మా చెవికి అలవాటు లేదు. అప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చూస్తే, అపాయమైన లోతు, ఇక్కడ స్నానం చెయ్యవద్దు అని తేటగా వచ్చింది.

హోటల్లో అనువాదం మోసం చేసింది, విని ఉంటే అడిగేవాళ్లం. రేవులో వినడం మోసం చేసింది, అనువాదం సరిగ్గా చెప్పింది. ఎందుకంటే తిండి పేర్లు ఇంటి మాటలు, ఊరూరికీ మారేవి. వాటి దగ్గర యాప్ తడబడుతుంది. హెచ్చరిక బోర్డుల్లో ఉండేది పుస్తకాల తెలుగు. అది యాప్‌కి తెలుసు, మాకే తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. భాషని యాప్‌కి వదలకుండా తెలుగు అని మనమే పెట్టాలి. కర్ణాటక సరిహద్దులో తిరిగే మన బంధువులకి ఇది ఇంకా అవసరం, రెండు లిపులూ దగ్గరగా ఉంటాయి గనక. బోర్డు నాలుగు మూలలూ ఫోటోలో పడాలి. ముందు తెలుగులో వినాలి, తర్వాత ఇంగ్లీషులో చూడాలి. తమిళం కంటే ఇంగ్లీషు నయం, ఎందుకంటే ప, బ అక్కడ వేరుగా ఉంటాయి, పల్లీ బల్లి కాదు. విన్నదీ చూసిందీ కలవకపోతే మనిషిని అడగాలి. బాబు తినేదైతే కలిసినా అడగాలి.

ఊరికి తిరిగొచ్చాక మనవడికి, నాకు ఒకే పలక కొన్నాం. అ, ఆ అయ్యాక మేం రాసుకున్న మొదటి మాటలు రాదు, లేదు, వద్దు, ప్రమాదం. వాడు ప్రమాదం పక్కన బొమ్మ వేశాడు, నీళ్లు, మెట్లు, గొడుగు.

మీ ఊళ్లో చెనక్కాయని ఏమంటారో రాయండి. హోసూరు, మదురై, బళ్లారి, బరంపురం, ఎక్కడున్నవాళ్లయినా సరే. ఆ మాటలన్నీ ఒక కాగితం మీద రాసి వాడి జేబులో పెట్టాలి.